అందులో, ఎందుకు, డమిట్, వోమిట్: జర్మన్ ‘డా’ పదాలకు తెలుగు దారి

జర్మన్ నేర్చుకుంటున్న ఒక తెలుగు విద్యార్థి తన కొత్త సైకిల్ గురించి ఇలా చెప్పాడనుకుందాం: “ఇష్ హాబె 300 ఒయ్‌రో ఫ్యూర్ ఎస్ బెత్సాల్ట్.” దానికోసం 300 యూరోలు ఇచ్చాను అని అతని ఉద్దేశం. సైకిల్‌కు జర్మన్‌లో ‘ఫార్‌రాడ్’ అని పేరు, అది నపుంసకలింగం, కాబట్టి సర్వనామం ‘ఎస్’. ‘ఫ్యూర్’ అనే ప్రిపోజిషన్ తర్వాత ద్వితీయా విభక్తి రావాలి, ‘ఎస్’ రూపం ద్వితీయలోనూ మారదు. లింగం సరిపోయింది, విభక్తి సరిపోయింది, క్రియ సరైన చోటే ఉంది. అయినా జర్మన్ల చెవికి ఆ వాక్యం కుదరదు. వాళ్ళు “ఇష్ హాబె 300 ఒయ్‌రో డఫ్యూర్ బెత్సాల్ట్” అంటారు. ‘ఫ్యూర్ ఎస్’ అనే రెండు మాటల చోట ‘డఫ్యూర్’ అనే ఒక్క మాట వచ్చింది.

ఈ ‘డఫ్యూర్’ లాంటి పదాలను జర్మన్ వ్యాకరణంలో ప్రోనొమినాల్ ఆడ్వెర్బ్ అంటారు. మనం సర్వనామ క్రియావిశేషణం అనుకోవచ్చు. డరౌఫ్ (దాని మీద), డమిట్ (దానితో), డరన్ (దాన్ని ఆనుకుని, దాని గురించి), డఫోన్ (దాని నుంచి, దాని గురించి) ఈ కుటుంబంలోవే. ప్రశ్న అడిగేటప్పుడు ‘డా’ స్థానంలో ‘వో’ చేరి వోరౌఫ్, వోమిట్, వోరన్, వోఫోన్ అవుతాయి. (జర్మన్‌లో డబ్ల్యూ అక్షరాన్ని ‘వ’ అని, వీ అక్షరాన్ని చాలా చోట్ల ‘ఫ’ అని పలుకుతారు. ఇక్కడ ఉచ్చారణను బట్టే రాస్తున్నాను.)

ఈ పాఠం మన విద్యార్థులను ఎక్కువగా తికమకపెట్టడానికి కారణం దాన్ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవడమే. ఇంగ్లీషులో వస్తువైనా మనిషైనా ప్రిపోజిషన్ పక్కన సర్వనామం పెడితే సరిపోతుంది. అందుకే ఇంగ్లీషు ద్వారా వచ్చినవారికి ‘డఫ్యూర్’ ఒక వింత మినహాయింపులా కనిపిస్తుంది. తెలుగు నుంచి నేరుగా వెళితే అది వింతగా ఉండదు, ఎందుకంటే సరిగ్గా ఇదే పద్ధతి మన నోట్లో ఇప్పటికే ఉంది.

‘అందులో’ అనే మాట తీసుకోండి. డబ్బాలో బియ్యం ఉంటే “అందులో బియ్యం ఉన్నాయి” అంటాం. “అతనిలో మంచితనం ఉంది” అని చెప్పాల్సిన చోట “అందులో మంచితనం ఉంది” అంటే ఎవరూ మనిషిని అనుకోరు, ఏ పుస్తకమో ఉత్తరమో అనుకుంటారు. ‘అందుకు’, ‘అందువల్ల’, ‘అందుకోసం’ కూడా అంతే. పాత తెలుగులో ‘అందు’ అంటే అక్కడ, ‘ఇందు’ అంటే ఇక్కడ, ‘ఎందు’ అంటే ఎక్కడ. అంటే ‘అక్కడ’ అనే చోటును చెప్పే మాటకు లో, కు, వల్ల తగిలించి ‘దానిలో, దానికి, దానివల్ల’ అనే అర్థాన్ని తెలుగు సాధించింది. జర్మన్ చేసిందీ ఇదే. ‘డా’ అంటే అక్కడ, ‘హీర్’ అంటే ఇక్కడ, ‘వో’ అంటే ఎక్కడ. డరిన్ అంటే అందులో, హీరిన్ అంటే ఇందులో, వోరిన్ అంటే ఎందులో. మన విభక్తి ప్రత్యయం వెనక చేరుతుంది, వాళ్ళ ప్రిపోజిషన్ కూడా ఇక్కడ మాత్రం తన అలవాటు మానుకుని వెనకే చేరుతుంది. జర్మన్ వ్యాకరణంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది.

ఈ పోలిక ఇంకా లోతుకు వెళుతుంది. ‘ఎందుకు’ అనే ప్రశ్నను విడదీస్తే ‘ఎందు’ ప్లస్ ‘కు’. జర్మన్‌లో ‘ఎందుకు’ అనడానికి ‘వరుమ్’ అంటారు. అది కూడా పూర్వం ‘ఎక్కడ’ అనే పదానికి ‘ఉమ్’ అనే ప్రిపోజిషన్ కలిసి ఏర్పడిందే. దాని జంట ‘డరుమ్’ అంటే అందుకే. ఈ రెండింటినీ విద్యార్థులు మొదటి నెలలోనే విడి పదాలుగా కంఠస్థం చేస్తారు, కాని అవి ఈ కుటుంబంలోవని గమనించరు. ఇప్పటి జర్మన్‌లో ‘వోరుమ్’ అని మరో రూపం కూడా ఉంది. దాని అర్థం ‘దేని గురించి’. “వోరుమ్ గేట్ ఎస్?” అంటే విషయం దేని గురించి అని. వరుమ్, వోరుమ్ రెండూ ఒకే మూలం నుంచి వచ్చి వేరు వేరు పనుల్లో స్థిరపడ్డాయి.

డరౌఫ్‌లో మధ్యన ఉన్న ‘ర’ ఎక్కడిది? డా, ఔఫ్ కలిస్తే ‘డాఔఫ్’ అవ్వాలి కదా అని అడగడం న్యాయమే. పాఠ్యపుస్తకాలు ప్రిపోజిషన్ అచ్చుతో మొదలైతే మధ్యలో ‘ర’ చేర్చాలని చెబుతాయి. అందుకే మిట్, ఫ్యూర్, ఫోన్ వంటి హల్లులకు డమిట్, డఫ్యూర్, డఫోన్. ఔఫ్, అన్, ఇన్, ఔస్, ఉంటర్, ఉమ్, యూబర్ వంటి అచ్చులకు డరౌఫ్, డరన్, డరిన్, డరౌస్, డరుంటర్, డరుమ్, డర్యూబర్. గుర్తుపెట్టుకోవడానికి మనకు ‘పేదరాలు’ చాలు. పేద, ఆలు కలిసినప్పుడు మధ్య ‘ర’ వచ్చే రుగాగమం చిన్నప్పుడే చదివాం. కాని చరిత్రలో జర్మన్ ‘ర’ కొత్తగా వచ్చి చేరింది కాదు, పోకుండా మిగిలింది. వెయ్యేళ్ళ కిందటి జర్మన్‌లో అక్కడ అనే పదమే ‘డార్’, ఎక్కడ అనేది ‘వార్’. చివరి ‘ర’ తర్వాత జారిపోయింది, అచ్చు ముందున్న చోట మాత్రం నిలబడింది. అదే పదాలకు చుట్టమైన ఇంగ్లీషు మాటలు, దేర్, వేర్, ఇప్పటికీ ‘ర’ను రాతలో వదలలేదు.

అసలు జర్మన్లు ‘ఫ్యూర్ ఎస్’ అనడానికి ఎందుకు వెనకాడతారు? ‘ఎస్’ చాలా బలహీనమైన మాట. దాని మీద ఊనిక నిలవదు, వాక్యంలో వేరే పదాన్ని ఆనుకుని తేలికగా వెళ్ళిపోతుంది. ప్రిపోజిషన్ తర్వాత మాత్రం కొంత బరువున్న మాట కావాలి. ఆ చోట ‘ఎస్’ కూలబడుతుంది. అందువల్లే నపుంసకలింగపు వస్తువుల విషయంలో ఈ నియమం దాదాపు తప్పనిసరి. పుంలింగ, స్త్రీలింగ నామాల విషయంలో కొంత సడలింపు ఉంది. కంప్యూటర్ జర్మన్‌లో పుంలింగం. దాని గురించి రాస్తూ ‘మిట్ ఈమ్’ అనడం అచ్చు పుస్తకాల్లోనూ కనిపిస్తుంది, ఎందుకంటే ‘ఈమ్’ నిలబడగలిగే మాట. అయినా మాటల్లో ‘డమిట్’ అంటేనే సహజంగా ఉంటుంది. నేర్చుకునే దశలో వస్తువైతే ‘డా’ పదమే వాడడం క్షేమం, చదివేటప్పుడు ‘మిట్ ఈమ్’ ఎదురైతే రచయిత తప్పు రాశారని అనుకోవద్దు.

ఇప్పుడు ప్రశ్నల వైపు వద్దాం. ఆలోచించడం అనే క్రియకు జర్మన్‌లో ‘అన్’ అనే ప్రిపోజిషన్ జత. మిత్రుడు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మనం “వోరన్ డెంక్స్ట్ డూ?” అంటే దేని గురించి ఆలోచిస్తున్నావు అని అడిగినట్టు. అతను “అన్ డీ ప్ర్యూఫుంగ్” అంటాడు, పరీక్ష గురించి. మనం “డరన్ డెంకె ఇష్ ఔఖ్” అంటాం, దాని గురించే నేనూ ఆలోచిస్తున్నాను. ఇక అతని మనసులో ఎవరో మనిషి ఉన్నారని అనిపిస్తే ప్రశ్న “అన్ వేన్ డెంక్స్ట్ డూ?” అవుతుంది, ఎవరి గురించి. “అన్ మైనె ముట్టర్,” అమ్మ గురించి. అప్పుడు మన మాట “అన్ జీ డెంకె ఇష్ ఔఖ్”. ఇక్కడ ‘డరన్’ అంటే ఆమెను ఏదో సంగతిగా, వస్తువుగా మార్చినట్టవుతుంది.

ఈ జంటను తెలుగులో పెట్టి చూడండి: దేని గురించి, ఎవరి గురించి. దేనితో, ఎవరితో. దేనికోసం, ఎవరికోసం. వోమిట్ అంటే దేనితో, మిట్ వేమ్ అంటే ఎవరితో. తెలుగులో ‘ఏమి’ అనే ప్రశ్నపదం ఉన్నా ‘ఏమితో రాస్తున్నావు’ అనం, ‘దేనితో’ అంటాం. విభక్తి చేరగానే ‘ఏమి’ పక్కకు తప్పుకుంటుంది. జర్మన్‌లో ‘ఏమి’ అనే ‘వస్’ కూడా సరిగ్గా ఇలాగే ప్రిపోజిషన్ ముందు తప్పుకుని ‘వో’కు చోటిస్తుంది. వాడుకలో “మిట్ వస్?” అనే జర్మన్లు చాలామంది ఉన్నారు, కాని అది మాటల్లో సరిపెట్టుకునే రూపం. రాతలో, పరీక్షలో ‘వోమిట్’ రాయాలి.

ఇదే ‘వో’ పదం వాక్యాలను కలపడానికీ పనికొస్తుంది, కాని కొన్ని చోట్లే. ‘అంతా’, ‘ఏదో’, ‘ఏమీ లేదు’ వంటి అస్పష్టమైన మాట తర్వాత, లేదా ముందున్న మొత్తం వాక్యాన్ని ఉద్దేశించినప్పుడు వోరన్, వోర్యూబర్ వంటివి వస్తాయి. “అతను పరీక్ష పాసయ్యాడు, అందుకు అందరూ సంతోషించారు” అనే చోట రెండో భాగం ‘వోర్యూబర్’తో మొదలవుతుంది. పేరున్న ఒక వస్తువు ముందుంటే మాత్రం ఇప్పటి జర్మన్ ‘వో’ పదాన్ని అంతగా ఇష్టపడదు. ‘నేను రాసే కలం’ అనడానికి ‘డెర్ ష్టిఫ్ట్, మిట్ డేమ్ ఇష్ ష్రైబె’ అంటారు.

తెలుగు పోలిక మోసం చేసే చోటు ఒకటుంది. మనకు జంతువులు ‘అది’. “మా కుక్కతో ఆడుకుంటాను” అన్న తర్వాత “దాంతో ఆడుకుంటాను” అనడం మనకు సహజం, అదే వరసలో ‘డమిట్’ అనేస్తాం. జర్మన్‌లో ఇంట్లో పెంచుకునే కుక్క మనుషుల పక్షాన ఉంటుంది. ‘మిట్ ఈమ్’ అనాలి. ‘డమిట్’ అంటే కుక్కతో ఆడుతున్నట్టు కాదు, కుక్కను బొమ్మలా వాడుతున్నట్టు వినిపిస్తుంది. పసిపిల్లల సంగతీ అంతే. ‘కింట్’, అంటే పిల్ల, పిల్లవాడు, నపుంసకలింగం. అలాగని దానికి ‘డా’ పదం వాడకూడదు. లింగం ఏదైనా సరే, ప్రాణమున్న వ్యక్తా కాదా అన్నదే కొలత. బల్ల పుంలింగమైనా దానికి ‘డరౌఫ్’ చెల్లుతుంది, బిడ్డ నపుంసకమైనా చెల్లదు. బిడ్డ విషయంలో ‘ఫ్యూర్ ఎస్’ అనడమూ ఇబ్బందిగానే ఉంటుంది కాబట్టి జర్మన్లు తరచు ‘ఫ్యూర్ డస్ కింట్’ అని నామాన్నే తిరిగి వాడతారు.

మనుషుల విషయంలో కూడా ఒక చోట ‘డా’ పదం దర్జాగా వస్తుంది. “పది మంది విద్యార్థులు వచ్చారు, అందులో ముగ్గురు హైదరాబాద్ వాళ్ళు” అని మన పత్రికలు రాస్తాయి. మనుషులే అయినా ‘అందులో’ అంటాం, ఎందుకంటే అక్కడ చూస్తున్నది వ్యక్తులను కాదు, ఒక లెక్కను, ఒక గుంపును. జర్మన్ పత్రికలు సరిగ్గా అక్కడే ‘డరుంటర్’ రాస్తాయి: ‘త్సేన్ ష్టుడెంటెన్, డరుంటర్ ద్రై ఔస్ హైదరాబాద్’. ‘వాళ్ళలో’ అని మనం పద్ధతిగా దిద్దుకోవచ్చు, జర్మన్‌కు ఆ దిద్దుబాటు అక్కర్లేదు.

తెలుగుకు అలవాటు లేని పని ఒకటి ఈ పదాలు చేస్తాయి. దాన్ని నిదానంగా చూడాలి. ఎదురుచూడడం జర్మన్‌లో ‘వార్టెన్ ఔఫ్’. బస్సు కోసం ఎదురుచూస్తే ‘ఔఫ్ డెన్ బుస్’. మరి “నువ్వు ఫోన్ చేస్తావని ఎదురుచూస్తున్నాను” అనాలంటే? ఎదురుచూసేది ఒక వస్తువు కాదు, ఒక పూర్తి వాక్యం. మనం ఆ వాక్యాన్ని ముందుకు తెచ్చి ‘అని’ తగిలించి క్రియకు అందిస్తాం. జర్మన్‌లో అలాంటి ఉపవాక్యం సాధారణంగా చివరికి పోతుంది, పైగా ‘ఔఫ్’ వెంటనే ఒక వాక్యాన్ని పట్టుకోలేదు. అందుకని ప్రధాన వాక్యంలో ‘డరౌఫ్’ అనే కొక్కెం వేసి ఉంచుతారు: “ఇష్ వార్టె డరౌఫ్, డస్ డూ అన్‌రూఫ్‌స్ట్.” ఆ కొక్కేనికి వెనక వచ్చే వాక్యం వేలాడుతుంది. ‘దాని కోసం ఎదురుచూస్తున్నాను, ఏమిటంటే నువ్వు ఫోన్ చేయడం’ అన్నట్టు.

ఇక్కడ విద్యార్థులు రెండు వైపులా తప్పు చేస్తారు. కొందరు కొక్కెం వేయడం మర్చిపోయి ప్రిపోజిషన్‌ను మింగేస్తారు, కొందరు ‘ఔఫ్ డస్’ అని ప్రిపోజిషన్‌కు నేరుగా ఉపవాక్యం అతికిస్తారు. తేల్చుకునే పద్ధతి ఒకటుంది. ఉపవాక్యం తీసేసి ఆ చోట ఒక నామం పెట్టి చూడండి. అప్పుడు ప్రిపోజిషన్ కావలసి వస్తే ఉపవాక్యానికి ముందు దాని ‘డా’ రూపం ఉండాలి. అన్ని క్రియలకూ ఇది ఒకే గట్టిగా వర్తించదు. సంతోషించడం విషయంలో ‘డర్యూబర్’ను వదిలేసి “ఇష్ ఫ్రొయె మిష్, డస్…” అనడం మామూలే. పట్టుబట్టడం అనే ‘బెష్టేఎన్ ఔఫ్’ విషయంలో, ‘దాన్ని బట్టి ఉంటుంది’ అనే “ఎస్ కొమ్ట్ డరౌఫ్ అన్” విషయంలో డరౌఫ్ లేకపోతే వాక్యం విరిగిపోతుంది. అనుమానం ఉంటే పెట్టేయండి, పెట్టినందువల్ల తప్పు కాదు.

మన సైకిల్ దగ్గరికి మళ్ళీ వెళదాం, ఎందుకంటే ‘డమిట్’ అనే ఒక్క మాట రెండు వేషాలు వేస్తుంది. “సైకిల్ కొన్నాను. డమిట్ ఫారె ఇష్ త్సుర్ ఆర్బైట్.” ఇది ‘దాంతో పనికి వెళతాను’. ఇంకో వాక్యం: “సైకిల్ కొన్నాను, డమిట్ ఇష్ ష్నెల్ త్సుర్ ఆర్బైట్ కొమ్మె.” ఇది ‘త్వరగా పనికి చేరేందుకు’. మాట ఒకటే, అర్థం వేరు. ఎలా పట్టుకోవాలి? క్రియ ఎక్కడుందో చూడండి. మొదటి వాక్యంలో డమిట్ తర్వాత వెంటనే ‘ఫారె’ వచ్చింది, అది ప్రధాన వాక్యం, డమిట్ అక్కడ ‘దాంతో’. రెండోదానిలో ‘కొమ్మె’ చిట్టచివరకు పోయింది, అది ఉపవాక్యం, డమిట్ అక్కడ ఉద్దేశాన్ని చెప్పే సంయోజకం. క్రియను చూడకుండా డమిట్‌ను అనువదించడానికి కూర్చుంటే సగం సార్లు పొరబడతాం.

ఇలా మారడం జర్మన్‌కే చెందిన విచిత్రం కాదు. ‘చేరేందుకు’ను విడదీయండి: చేరే, అందుకు. మన ‘అందుకు’ కూడా ‘దానికి’ అనే అర్థం నుంచి జారి, ‘చూసేందుకు, వెళ్ళేందుకు’ అని ఉద్దేశాన్ని చెప్పే ప్రత్యయంగా స్థిరపడింది. డమిట్ నడిచిన దారే అది.

ఈ కుటుంబంలో చేరని ప్రిపోజిషన్లు కొన్ని ఉన్నాయి. ‘లేకుండా’ అనే ‘ఓనె’కు డా రూపం లేదు. అందుకని వస్తువుకైనా ‘ఓనె ఈన్’, ‘ఓనె ఎస్’ అనక తప్పదు. చాలామంది ‘ఓనె డస్’ అని, లేదా నామాన్నే మళ్ళీ చెప్పి గట్టెక్కుతారు. ‘నుంచి’ అనే కాలవాచి ‘జైట్’, ‘వల్ల’ అనే ‘వేగెన్’, ‘అయినా’ అనే ‘ట్రోత్స్’ వేరే దారి పట్టాయి: జైట్‌డేమ్ (అప్పటి నుంచి), డెస్‌వేగెన్ (అందువల్ల), ట్రోత్స్‌డేమ్ (అయినప్పటికీ). వీటిలో ‘డా’ లేదు. ‘అది’ అనే సూచక సర్వనామపు విభక్తి రూపాలే అతుక్కున్నాయి. ‘డవేగెన్’ అని కల్పించిన విద్యార్థి తర్కం తప్పు కాదు, భాష మాత్రం ఆ దారిన పోలేదు. ఇంకో చిక్కు ‘డరిన్’. అది లోపల ఉన్న స్థితికే పనికొస్తుంది. పుస్తకాన్ని సంచిలో పెడుతున్నప్పుడు, అంటే కదలిక ఉన్నప్పుడు, డరిన్ కాదు, ‘హినైన్’ అనాలి. అదే డరౌఫ్‌లో ఈ తేడా లేదు. కుర్చీ మీద కూర్చుని ఉన్నా, కూర్చోబోతున్నా డరౌఫే.

పుస్తకం వదిలి వీధిలోకి వెళితే ఈ పదాల రూపం మారుతుంది. డరౌఫ్ ‘డ్రౌఫ్’ అవుతుంది, డరిన్ ‘డ్రిన్’ అవుతుంది. అచ్చు ముందు మిగిలిన ‘ర’ ఇప్పుడు ‘డ’కు నేరుగా అతుక్కుంది. ఉత్తర జర్మనీలో మాటను రెండుగా చీల్చడం కూడా వింటారు. “డఫోన్ వైస్ ఇష్ నిష్ట్స్”, అంటే దాని గురించి నాకేమీ తెలియదు అనే వాక్యాన్ని “డా వైస్ ఇష్ నిష్ట్స్ ఫోన్” అంటారు. ‘డా’ ముందుకు పోయింది, ‘ఫోన్’ వాక్యం చివర ఒంటరిగా నిలబడింది. రాతలో దీన్ని అంగీకరించరు. కాని హాంబుర్గ్‌లో పక్కింటివారు అలా అన్నప్పుడు, చివర వినిపించిన ఆ ‘ఫోన్’ మొదట్లో ఉన్న ‘డా’కు జంట అని తెలిస్తే వాక్యం అర్థమైపోతుంది.